Legacy నుంచి UEFI కి మార్చగానే విండోస్ ఎందుకు మాయమవుతుంది? బయాస్, యూఈఎఫ్ఐ తేడా ఇదే

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ముగిసింది. అప్పటిదాకా కంప్యూటర్ సెట్టింగ్స్ జోలికి వెళ్లని చాలామంది విండోస్ 11 వేసుకుందామని చూస్తే, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాటు లేదు కాబట్టి కుదరదనే మెసేజ్ ఎదురైంది. అది ఆన్ చేయాలంటే బయాస్‌లోకి వెళ్లాలని ఎవరో చెబుతారు. కంప్యూటర్ ఆన్ చేస్తూనే Del గానీ F2 గానీ నొక్కి మొదటిసారి ఆ సెటప్ తెర తెరుస్తారు. అందులో `Boot Mode` ఎదురుగా `Legacy` అని ఉంటుంది. దాన్ని `UEFI` చేసి, సేవ్ చేసి బయటికి వస్తారు. విండోస్ రాదు. నల్లటి తెరమీద `Reboot and Select proper Boot device` అని ఒక లైన్ మాత్రం వస్తుంది. హార్డ్ డిస్క్‌లోని ఫొటోలు, ఫైళ్లు అన్నీ పోయాయేమోనని టెన్షన్ మొదలవుతుంది.

ఏమీ పోలేదు. మళ్లీ అదే తెరలోకి వెళ్లి `Legacy` కి మారిస్తే పాత విండోస్ ఎప్పటిలా వస్తుంది. ఆ ఆప్షన్ డిస్క్‌లో ఒక్క బైట్ కూడా మార్చదు. విండోస్‌ను ఎక్కడ వెతకాలి, ఏ పద్ధతిలో వెతకాలి అన్నది మాత్రమే మారుస్తుంది. బయాస్‌కీ యూఈఎఫ్ఐకీ ఉన్న అసలు తేడా అంతా ఆ వెతికే పద్ధతిలోనే ఉంది. మౌస్ పనిచేస్తే యూఈఎఫ్ఐ, నీలిరంగు తెరమీద అక్షరాలు మాత్రమే ఉంటే బయాస్ అని చాలాచోట్ల చెబుతుంటారు. ఆ గుర్తును నమ్మకూడదు. ఆఫీసుల్లో వాడే ఎన్నో ల్యాప్‌టాప్‌లలో పూర్తి యూఈఎఫ్ఐ ఉండి కూడా తెర పాత పద్ధతిలోనే, బాణం కీలతో నడిచేలా ఉంటుంది. పైగా కంపెనీలు ఇప్పటికీ ఆ తెరకు బయాస్ అనే పేరే పెడుతున్నాయి కాబట్టి పేరును బట్టి కూడా ఏమీ తేలదు.

`Legacy` అని పిలిచే పాత పద్ధతి 1981లో ఐబీఎం పర్సనల్ కంప్యూటర్‌తో వచ్చింది. పవర్ ఇవ్వగానే ప్రాసెసర్ మొదట మదర్‌బోర్డు మీది చిప్‌లో ఉన్న ప్రోగ్రామ్‌ను నడుపుతుంది. అదే బయాస్. అది మెమరీ, కీబోర్డు, డిస్కులు ఉన్నాయో లేదో చూసుకుని, బూట్ ఆర్డర్‌లో మొదట ఉన్న డిస్క్ దగ్గరికి వెళ్తుంది. ఆ డిస్క్‌లో మొట్టమొదటి సెక్టార్‌ను, అంటే 512 బైట్లను మాత్రమే చదువుతుంది. చివరి రెండు బైట్లు 55, AA అనే గుర్తులైతే, అందులో ఉన్నదాన్ని మెమరీలో పెట్టి నడిపేస్తుంది. బయాస్ బాధ్యత అక్కడితో సరి. ఆ డిస్క్‌లో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉందో దానికి తెలియదు. ఫైల్ అంటే ఏమిటో, ఫోల్డర్ అంటే ఏమిటో కూడా తెలియదు.

ఆ 512 బైట్ల సెక్టార్‌నే ఎంబీఆర్ అంటారు. ఇందులో ప్రోగ్రామ్‌కు దక్కేది 446 బైట్లు. తర్వాతి 64 బైట్లలో డిస్క్‌ను ఎలా భాగాలు చేశారో రాసి ఉంటుంది. ఒక్కో పార్టిషన్ వివరానికి 16 బైట్లు కావాలి కాబట్టి నాలుగింటికే చోటు. 446 బైట్లలో విండోస్‌ను లోడ్ చేసేంత ప్రోగ్రామ్ పట్టదు. అందుకే అది యాక్టివ్ అని గుర్తుపెట్టిన పార్టిషన్‌ను వెతికి, దాని మొదటి సెక్టార్‌కు పని అప్పగిస్తుంది. అక్కడి నుంచి మరో ప్రోగ్రామ్, దాని నుంచి విండోస్. ఈ వరసలో ఏ ఒక్కటి చెడినా కంప్యూటర్ ముందుకు కదలదు. పార్టిషన్ ఎక్కడ మొదలై ఎంత పొడవుందో రాయడానికి ఎంబీఆర్ 32 బిట్ల అంకె వాడుతుంది. 512 బైట్ల సెక్టార్లతో లెక్కేస్తే అది దాదాపు 2.2 టెరాబైట్ల దగ్గర ఆగిపోతుంది. 4 టీబీ డిస్క్‌ను ఎంబీఆర్ పద్ధతిలో పెడితే సగం చోటు వాడుకోవడానికి వీల్లేకుండా ఉండిపోయేది ఇందుకే.

ఇంటెల్ 1990లలో ఇటానియం సర్వర్ ప్రాసెసర్ల కోసం పని చేస్తున్నప్పుడు ఈ ఇరుకు చాలదని తేలింది. అప్పుడు తయారుచేసిన ఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిని 2005లో కంపెనీలన్నీ కలిసి ఏర్పరచిన ఫోరమ్ చేపట్టింది. పేరు ముందు ఒక యూ చేరి యూఈఎఫ్ఐ అయింది. విండోస్ 8 వచ్చిన 2012 నుంచి కొత్త కంప్యూటర్లలో ఇదే మామూలైంది.

యూఈఎఫ్ఐ మొదటి సెక్టార్‌లోని ప్రోగ్రామ్‌ను నడపదు. దానికి ఫైళ్లు చదవడం వచ్చు. డిస్క్‌లో ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన చిన్న పార్టిషన్ ఒకటి ఉంటుంది. దాన్ని ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ అంటారు. విండోస్‌లో సాధారణంగా అది 100 ఎంబీ ఉంటుంది, డ్రైవ్ లెటర్ లేకపోవడంతో ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో కనిపించదు. విండోస్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్ అందులో మామూలు ఫైల్‌లాగే ఇక్కడ ఉంటుంది:

```
\EFI\Microsoft\Boot\bootmgfw.efi
```

ఫలానా డిస్క్‌లో, ఫలానా పార్టిషన్‌లో, ఫలానా ఫైల్‌ను నడపాలని మదర్‌బోర్డు తన మెమరీలో రాసుకుంటుంది. ఆ నమోదుకు విండోస్ పెట్టే పేరు `Windows Boot Manager`. ఉబుంటు కూడా ఉంటే దాని కింద `ubuntu` అని ఇంకొకటి ఉంటుంది.

మొదటిసారి సెటప్ తెరిచినవాళ్లకు పనికొచ్చే గుర్తు ఇక్కడే దొరుకుతుంది. బూట్ ఆర్డర్ ఉన్న పేజీ తెరిచి చూడాలి. అందులో డిస్క్ కంపెనీ పేరు, మోడల్ నంబర్ మాత్రమే ఉంటే ఆ సిస్టమ్ పాత పద్ధతిలో నడుస్తోందని దాదాపుగా అనుకోవచ్చు. `Windows Boot Manager` అని ఉంటే యూఈఎఫ్ఐ పద్ధతి. బయాస్‌కు డిస్కులు మాత్రమే తెలుసు, యూఈఎఫ్ఐకి డిస్క్ లోపలి ఫైల్ కూడా తెలుసు కాబట్టే ఈ తేడా. ఇంకా గట్టిగా తెలుసుకోవాలంటే సెటప్‌లోకి వెళ్లనక్కర్లేదు. విండోస్‌లోనే విండోస్ కీతో పాటు R నొక్కి `msinfo32` అని టైప్ చేస్తే వచ్చే పట్టికలో `BIOS Mode` అనే వరస ఉంటుంది. దాని ఎదురుగా `Legacy` గానీ `UEFI` గానీ స్పష్టంగా రాసి ఉంటుంది. లినక్స్‌లో అయితే `/sys/firmware/efi` అనే ఫోల్డర్ ఉంటే యూఈఎఫ్ఐ, లేకపోతే లెగసీ.

సెక్యూర్ బూట్ కూడా ఈ తేడాలోంచే పుట్టింది. నడపబోయేది ఒక పూర్తి ఫైల్ కాబట్టి దానిమీద డిజిటల్ సంతకం పెట్టవచ్చు. నడిపే ముందు యూఈఎఫ్ఐ ఆ సంతకాన్ని తన దగ్గరున్న తాళాలతో, అంటే డిజిటల్ కీలతో సరిచూస్తుంది. సరిపోతేనే నడుపుతుంది. 446 బైట్ల ముక్కలో సంతకం పెట్టే చోటూ లేదు, దాన్ని సరిచూసే తెలివి బయాస్‌కూ లేదు. అందుకే లెగసీ పద్ధతిలో ఉన్నంతకాలం సెక్యూర్ బూట్ ఆప్షన్ బూడిద రంగులో ఉండిపోతుంది, లేదా అసలు కనిపించదు. ఆప్షన్ పాడైందని అనుకోనక్కర్లేదు. ముందు పద్ధతి మారాలి.

యూఈఎఫ్ఐతో పాటు డిస్క్‌ను విభజించే పద్ధతి కూడా మారింది. ఎంబీఆర్ స్థానంలో జీపీటీ వచ్చింది. సెక్టార్ నంబర్లకు 64 బిట్లు వాడుతుంది కాబట్టి 2 టీబీ అడ్డంకి పోయింది. విండోస్ ఇందులో 128 పార్టిషన్లు పెట్టనిస్తుంది. పట్టిక నకలు ఒకటి డిస్క్ చివర కూడా ఉంటుంది కాబట్టి ముందుది చెడిపోతే దాన్ని ఆధారం చేసుకుని సరిచేయవచ్చు. మొదట్లో కంగారుపెట్టిన సమస్యకు మూలం ఈ జంటే. విండోస్ బూట్ కావాలంటే లెగసీ పద్ధతికి ఎంబీఆర్ డిస్క్ ఉండాలి, యూఈఎఫ్ఐ పద్ధతికి జీపీటీ డిస్క్ ఉండాలి. సెటప్‌లో ఆప్షన్ మార్చినప్పుడు ఈ జంటలో ఒకటే మారుతుంది. డిస్క్ ఎంబీఆర్‌గానే ఉండిపోతుంది. యూఈఎఫ్ఐ వచ్చి తనకు కావలసిన ఫ్యాట్32 పార్టిషన్ కోసం, అందులోని ఫైల్ కోసం చూస్తుంది. అక్కడ అలాంటిది లేదు కాబట్టి బూట్ అయ్యే డిస్కే లేదంటుంది. ఈ నిబంధన విండోస్ ఉన్న డిస్క్‌కే. డేటా మాత్రమే దాచుకునే రెండో డిస్క్ జీపీటీ అయినా, ఎంబీఆర్ అయినా నేటి విండోస్ రెండింటినీ చదువుతుంది.

మరి యూఈఎఫ్ఐ ఉన్న మదర్‌బోర్డులో విండోస్ లెగసీగా ఎలా పడింది? పాత ఆపరేటింగ్ సిస్టమ్‌ల కోసం యూఈఎఫ్ఐలోనే బయాస్‌లా ప్రవర్తించే భాగం ఒకటి పెట్టారు. సెటప్‌లో దాని పేరు `CSM`. అది ఆన్‌లో ఉన్నప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ మెనూ తెరిస్తే, ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపించవచ్చు. ఒకదాని ముందు `UEFI:` అని ఉంటుంది, రెండోదానికి ఉండదు. విండోస్ సెటప్ తాను ఏ పద్ధతిలో మొదలైందో అదే పద్ధతిలో ఇన్‌స్టాల్ చేస్తుంది. `UEFI:` లేని వరస ఎంచుకుంటే లెగసీ, ఎంబీఆర్. విండోస్ 7 కాలం నాటి పెన్‌డ్రైవ్ అలవాటుతో ఇన్‌స్టాల్ చేసిన ఎన్నో అసెంబుల్డ్ సిస్టమ్‌లు ఇలాగే మిగిలిపోయాయి. హార్డ్‌వేర్ కొత్తదే, దాన్ని నడిపే పద్ధతి పాతది. కొత్తగా ఇన్‌స్టాల్ చేసేవాళ్లు పెన్‌డ్రైవ్‌ను రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో తయారుచేస్తుంటే `Partition scheme` దగ్గర `GPT` ఎంచుకుని, బూట్ మెనూలో `UEFI:` ఉన్న వరసనే నొక్కితే ఈ చిక్కు మొదలే కాదు.

ఇప్పటికే లెగసీగా ఉన్న సిస్టమ్‌ను ఫార్మాట్ చేయకుండా మార్చే దారి ఉంది. 2018 ప్రాంతంలో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్ ఒకటి తీసుకుందాం. ఇంటెల్ 8వ తరం ప్రాసెసర్ కాబట్టి విండోస్ 11కి అర్హత ఉంది. 1 టీబీ డిస్క్. మన దగ్గర అలవాటు ప్రకారం అందులో C, D, E అని మూడు డ్రైవ్‌లు. `msinfo32` లో `Legacy` అని చూపిస్తోంది.

డిస్క్‌ను మార్చే పనిముట్టు విండోస్ 10లోనే, 2017లో వచ్చిన 1703 వెర్షన్ నుంచి ఉంది. ముఖ్యమైన ఫైళ్లను బయటి డిస్క్‌లోకి కాపీ చేశాకే దాన్ని ముట్టుకోవాలి. సాధారణంగా డేటా పోదు, కానీ పార్టిషన్ పట్టికనే తిరగరాసే పని కాబట్టి మధ్యలో కరెంటు పోతే ఏమవుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. తర్వాత స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, విండోస్ ఉన్నది డిస్క్ 0 అవునో కాదో చూసుకోవాలి. ఎస్ఎస్‌డీ, హార్డ్ డిస్క్ రెండూ ఉన్న సిస్టమ్‌లో విండోస్ డిస్క్ 1లో ఉండవచ్చు. నంబర్ తెలిశాక కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఇది ఇవ్వాలి:

```
mbr2gpt /validate /disk:0 /allowFullOS
```

ఇది దేన్నీ మార్చదు, మార్చడం కుదురుతుందో లేదో చెబుతుంది. మన ఉదాహరణలోని డెస్క్‌టాప్‌లో ఇక్కడే ఆగిపోయే అవకాశం ఎక్కువ. పైకి కనిపించే డ్రైవ్‌లు మూడే అయినా, విండోస్ తనంతట తాను పెట్టుకున్న `System Reserved` అనే చిన్న పార్టిషన్ కూడా ఉంటుంది. మొత్తం నాలుగు. ప్రైమరీ పార్టిషన్లు, అంటే ఎంబీఆర్ పట్టికలో నేరుగా రాసినవి, మూడుకు మించి ఉంటే ఈ పనిముట్టు ఒప్పుకోదు. నాలుగోది, లోపల మరిన్ని డ్రైవ్‌లు పెట్టుకోనిచ్చే ఎక్స్‌టెండెడ్ పార్టిషన్‌లో లాజికల్ డ్రైవ్‌గా ఉన్నా ఒప్పుకోదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ప్రైమరీ పార్టిషన్ల మీద ముదురు నీలిరంగు గీత, ఎక్స్‌టెండెడ్ చుట్టూ ఆకుపచ్చ గీత ఉంటాయి కాబట్టి చూడగానే తెలిసిపోతుంది.

ఇలాంటప్పుడు E డ్రైవ్‌లోని ఫైళ్లన్నీ బయటి డిస్క్‌లోకి కాపీ చేసి, అవి అక్కడ తెరుచుకుంటున్నాయని చూసుకుని, ఆ తర్వాతే E డ్రైవ్‌ను డిలీట్ చేయాలి. అది ఎక్స్‌టెండెడ్ లోపల ఉంటే ఖాళీ అయిన ఎక్స్‌టెండెడ్‌ను కూడా తీసేయాలి. `System Reserved` ను మాత్రం ముట్టుకోకూడదు. విండోస్‌ను మొదలుపెట్టే ఫైళ్లు అందులోనే ఉన్నాయి. మళ్లీ అదే కమాండ్ ఇస్తే `Validation completed successfully` అని వస్తుంది. అప్పుడు అసలు కమాండ్:

```
mbr2gpt /convert /disk:0 /allowFullOS
```

ఇది ఎంబీఆర్ పట్టికను జీపీటీగా తిరగరాస్తుంది, అవసరమైతే C డ్రైవ్ నుంచి కొంచెం చోటు తీసుకుని ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ తయారుచేస్తుంది, బూట్ ఫైళ్లను అందులో పెడుతుంది. చివర్లో ఫర్మ్‌వేర్‌ను, అంటే మదర్‌బోర్డు చిప్‌లోని ప్రోగ్రామ్‌ను, యూఈఎఫ్ఐ పద్ధతికి మార్చుకోమని గుర్తుచేస్తుంది. ఇప్పుడు జంటలో రెండోది మార్చే సమయం వచ్చింది. ఇక లెగసీలో వదిలేస్తే విండోస్ రాదు.

రీస్టార్ట్ చేసి సెటప్‌లోకి వెళ్లాలి. డెస్క్‌టాప్ మదర్‌బోర్డుల్లో ఎక్కువగా Del కీ ఉంటుంది. డెల్, ఏసర్ కంపెనీల ల్యాప్‌టాప్‌లలో F2, హెచ్‌పీలో F10. బూట్ పేజీలో `CSM` ను `Disabled` చేయాలి, లేదా `Boot Mode` ను `UEFI` చేయాలి. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది, పని ఒకటే. సేవ్ చేసి ముందు విండోస్ వస్తుందో లేదో చూడాలి. వచ్చాకే రెండోసారి సెటప్‌కు వెళ్లి సెక్యూర్ బూట్ ఆన్ చేయడం మంచిది. రెండూ ఒకేసారి మారిస్తే, ఏదైనా తేడా వచ్చినప్పుడు కారణం దేనిదో తెలియదు. సెక్యూర్ బూట్ `Enabled` అని పెట్టినా `Not Active` అని చూపిస్తుంటే తాళాలు ఎక్కలేదని అర్థం. అదే పేజీలో ఫ్యాక్టరీ తాళాలను తిరిగి ఎక్కించే ఆప్షన్ ఉంటుంది. విండోస్ 11కి టీపీఎం అనే భద్రతా భాగం కూడా కావాలి. ఇంటెల్ బోర్డుల్లో దాని పేరు `PTT`, ఏఎండీ బోర్డుల్లో `fTPM`. అంతా అయ్యాక `msinfo32` లో `BIOS Mode` ఎదురుగా `UEFI`, `Secure Boot State` ఎదురుగా `On` అని కనిపించాలి. డిలీట్ చేసిన E డ్రైవ్‌ను ఇప్పుడు మళ్లీ తయారుచేసుకుని ఫైళ్లు వెనక్కి వేసుకోవచ్చు. జీపీటీలో నాలుగు పార్టిషన్ల పరిమితి లేదు.

ఇప్పటికే యూఈఎఫ్ఐలో ఉన్న ల్యాప్‌టాప్‌లో సెక్యూర్ బూట్ లాంటివి మార్చేవాళ్లు ఇంకో విషయం చూసుకోవాలి. డిస్క్ బిట్‌లాకర్‌తో లాక్ అయి ఉంటే, సెట్టింగ్ మారగానే నీలి తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ ఎక్కడుందో ముందే తెలుసుకోవాలి, లేదా విండోస్‌లో బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా సస్పెండ్ చేశాకే సెటప్‌లోకి వెళ్లాలి. ఎంబీఆర్‌ను జీపీటీగా మార్చేటప్పుడు కూడా సస్పెండ్ చేయాల్సిందే.

సెటప్‌లో ఉన్నప్పుడు చేయకూడని పని ఒకటుంది. `SATA Mode` దగ్గర `AHCI`, `RAID` అని ఉంటాయి. బూట్ సమస్యకు మందేమోనని దాన్ని కూడా మారుస్తుంటారు. దానికీ లెగసీ, యూఈఎఫ్ఐ తేడాకీ సంబంధం లేదు. మారిస్తే విండోస్ మొదలైనట్టే మొదలై `INACCESSIBLE_BOOT_DEVICE` అని ఆగిపోవచ్చు. `Load Optimized Defaults` నొక్కినప్పుడు ఈ సెట్టింగ్ కూడా మారవచ్చు కాబట్టి, ఏదీ ముట్టుకోకముందే ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోవాలి. తెలియక ఏదైనా మార్చేశామనిపిస్తే సేవ్ చేయకుండా బయటికి వచ్చే ఆప్షన్ ఎప్పుడూ ఉంటుంది.

`CSM` ఆపేశాక కొన్ని సిస్టమ్‌లలో విండోస్ మాట అటుంచి, సెటప్ తెర కూడా రాదు. ఫ్యాన్లు తిరుగుతాయి, మానిటర్ నల్లగా ఉంటుంది. విడిగా పెట్టిన గ్రాఫిక్స్ కార్డు బాగా పాతదైతే ఇలా జరుగుతుంది. యూఈఎఫ్ఐ పద్ధతిలో తెరమీద బొమ్మ రావాలంటే జీఓపీ అనే భాగం కార్డులోనే ఉండాలి, 2012కి ముందు కార్డుల్లో చాలావాటికి అది లేదు. కొన్ని బోర్డులు సంగతి గ్రహించి తామే `CSM` ను తిరిగి ఆన్ చేసుకుంటాయి. అలా జరగకపోతే ప్లగ్ తీసేసి, మదర్‌బోర్డు మీదున్న గుండ్రటి సీఆర్2032 బ్యాటరీని కొన్ని నిమిషాలు తీసి మళ్లీ పెట్టాలి. సెట్టింగ్స్ ఫ్యాక్టరీలో ఉన్నట్టు అవుతాయి, సాధారణంగా తెర తిరిగి వస్తుంది. బ్యాటరీ తీసినప్పుడు తేదీ, సమయం, `SATA Mode` కూడా మొదటికి వస్తాయి కాబట్టి ఫోన్‌లోని ఫొటోలు చూసి సరిచేసుకోవాలి. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంటే, పాత కార్డు తీసేసి కేబుల్‌ను మదర్‌బోర్డు పోర్టుకు పెట్టి మళ్లీ ప్రయత్నించవచ్చు. లేకపోతే జీఓపీ ఉన్న కార్డు తెచ్చుకునేదాకా ఆ సిస్టమ్ `CSM` తోనే నడవాలి. అందుకే డిస్క్‌ను జీపీటీగా మార్చకముందే ఈ పరీక్ష చేసుకోవడం మేలు. `CSM` ను ఒకసారి ఆపి సేవ్ చేసి, రీస్టార్ట్ అయ్యాక సెటప్ తెర వస్తే చాలు, కార్డు సరిపోతుంది. విండోస్ రాకపోయినా పరవాలేదు, తిరిగి ఆన్ చేసి బయటికి వచ్చి, అప్పుడు `mbr2gpt` పని మొదలుపెట్టవచ్చు.